పందొమ్మిది శాతం

కెమిస్ట్రీ విభాగంలో డిమాన్‌స్ట్రేటర్‌గా ఉన్న ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా బతికి లేదు. అందరికీ ఆయన పందొమ్మిది మేష్టారు. వెనకాల పెట్టిన పేరే అయినా మొహం మీద పిలిచినా నొచ్చుకునేవాడు కాదు. ఆ లాబ్‌లో ఒక ప్రయోగానికి పదహారేళ్ళుగా జవాబు పందొమ్మిది శాతం. ఆ జవాబుకి కాపలాదారు ఆయనే.

ప్రయోగం పెద్ద కష్టమైనదేమీ కాదు. డైనైట్రోజన్ టెట్రాక్సైడ్ అనే వాయువుకి రంగు లేదు. దాని అణువు ఒక్కొక్కటీ రెండుగా విడిపోతే మాత్రం గోధుమరంగు నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది. వేడి పెరిగేకొద్దీ ఎక్కువ విడిపోతుంది. అరలీటరు గాజు బుడ్డిలోంచి గాలి లాగేసి తూకం వేయాలి. వాయువు నింపి, నీళ్ళతొట్టిలో ముంచి, లోపలి పీడనం బయటి గాలి పీడనంతో సమానం అయ్యాక బిరడా తిప్పి, తుడిచి మళ్ళీ తూయాలి. పీడనం, ఉష్ణోగ్రత అవే ఉంటే బుడ్డిలో పట్టే అణువుల సంఖ్యా అంతే. కాబట్టి ఎంత ఎక్కువ విడిపోతే అంత తేలికవాటితో నిండుతుంది, బుడ్డి అంత తక్కువ తూగుతుంది. ఆ బరువు నుంచి సాంద్రత, సాంద్రత నుంచి సగటు అణుభారం కట్టాలి. విడిపోకముందు అణుభారం తొంభైరెండు. తొంభైరెండుని ఆ సగటుతో భాగించి ఒకటి తీసేస్తే నూటికెంత విడిపోయిందో తేలుతుంది.

ఇరవై ఐదు డిగ్రీల దగ్గర అది పందొమ్మిది. మాన్యువల్‌లో అలాగే ఉంది. మాన్యువల్ రాసింది హెడ్ గారు. రాసిన ఏడాది తొట్టికి చల్లబరిచే యంత్రం ఉండేది. మరుసటి ఏడాది అది చచ్చిపోయింది. కొత్తది కావాలని పెట్టిన అర్జీ ఏ బల్ల మీద నిద్రపోయిందో ఎవరికీ తెలియదు. పరీక్షలు ఎండాకాలంలో వస్తాయి. తొట్టిలో నీళ్ళు ముప్పై ఐదుకి తక్కువ ఉండవు. అయినా రికార్డు పుస్తకాల్లో మాత్రం నీళ్ళు ఏటా ఇరవై ఐదు దగ్గరే చల్లగా ఉన్నాయి.

ఎలాగంటే, లెక్క వెనక్కి నడిచేది. ముందు పందొమ్మిది రాసుకోవడం, అక్కణ్ణుంచి సాంద్రతకి, సాంద్రత నుంచి బరువుకి దిగడం. వాయువు ఒకటి పాయింట్ ఐదు ఎనిమిది గ్రాములు తూగాలి. తక్కెడ ఒకటి పాయింట్ నాలుగు మూడు చూపిస్తే తప్పు తక్కెడదే. పిల్లలు మరీ ఒకే అంకె వేస్తే అనుమానం వస్తుందని, ఒకరికి పద్దెనిమిది పాయింట్ తొమ్మిది, ఇంకొకరికి పందొమ్మిది పాయింట్ రెండు అని పంచిపెట్టేవాడు మేష్టారు. ఆ పంపకంలో ఆయన ఎవరికీ అన్యాయం చేయలేదు. ప్రతి పేజీ కిందా 'సరిచూడబడినది' అని గుండ్రటి సంతకం పెట్టేవాడు.

ఆ ఏడాది ఆయన్ని లెక్చరర్‌ని చేసే ఫైలు హెడ్ గారి బల్ల మీదకి వచ్చింది. ఒక్క సంతకం బాకీ. మేష్టారి భార్య ఆగలేక గుమ్మానికి 'లెక్చరర్' అని బోర్డు చేయించేసి మంచం కింద దాచింది. "పరీక్షలయ్యేదాకా హెడ్ గారు ఏమన్నా తలూపండి. పదహారేళ్ళు ఊపారు, ఇంకో వారం ఊపితే మెడేం విరిగిపోదు" అని రోజూ పొద్దున్నే క్యారేజీతోపాటు ఈ మాట కూడా కట్టి పంపేది.

పరీక్ష రోజున ఇరవై మూడు మందిలో ఇరవై రెండు మంది పందొమ్మిది తెచ్చారు. కిటికీ పక్కనున్న అమ్మాయి ఒక్కతే ఇరవై ఏడు తెచ్చింది.

హెడ్ గారు పేపరు చూసి కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "కొట్టేసి మళ్ళీ రాయి."

"తూకం మూడుసార్లు చూశాను సార్. అదే వస్తోంది."

"ఉష్ణోగ్రత ముప్పై ఐదు వేశావేంటి? మాన్యువల్‌లో ఎంతుంది?"

"ఇరవై ఐదు సార్. కానీ థర్మామీటరు నీళ్ళలో ఉంది, మాన్యువల్ బల్ల మీద ఉంది."

ఎవరో కిసుక్కుమన్నారు. హెడ్ గారి మొహం కందగడ్డ అయింది. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒక పెద్దావిడ. ఆవిడ వైపు తిరిగి, "గ్యాసు లీకు చేసుకుంది మేడమ్. పైగా ఎదురు సమాధానం. ఫెయిల్ వేసేద్దాం" అన్నారు. ఫెయిలంటే ఆ అమ్మాయికి ఏడాది పోయినట్టే.

ఆవిడ తొందరపడలేదు. "మేష్టారూ, ఈ తొట్టి చూసుకునేది మీరే కదా. నీళ్ళు ఎన్ని డిగ్రీలుంటాయి?" అని అడిగింది.

మేష్టారు తలూపబోయాడు. అది ఆయన మెడకి అలవాటైన పని. కానీ ఆవిడ అడిగింది అంకె. తలూపితే అంకె రాదు. ఆయనకి మంచం కింది బోర్డు గుర్తొచ్చింది, ఫైలు గుర్తొచ్చింది. ఆ అమ్మాయి ఆయన వైపు చూడను కూడా చూడకుండా బుడ్డి తుడుచుకుంటోంది. లోపలి గోధుమరంగు ఎంత ముదురుగా ఉందో గుడ్డివాడికి కూడా తెలుస్తుంది.

"ముప్పై ఐదు మేడమ్" అన్నాడు. "ఎండాకాలం ఎప్పుడూ ముప్పై ఐదే. ఇరవై ఐదు ఉండగా నేను చూసి పదిహేనేళ్ళయింది."

ఆవిడ అక్కడికక్కడే లెక్క కట్టింది. ముప్పై ఐదుకి ఇరవై ఏడు సరిగ్గా రావలసిన జవాబే. ఆ అమ్మాయికి పూర్తి మార్కులు వేసి, మిగతా ఇరవై రెండు మందిచేతా మళ్ళీ తూయించింది. కొందరికి బిరడా ఎటు తిప్పాలో కూడా తెలియదని అప్పుడు బయటపడింది. హెడ్ గారు తన గదికెళ్ళి మేష్టారి ఫైలు సొరుగులో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు.

సాయంత్రం వరండాలో ఆ అమ్మాయి ఎదురైంది. మేష్టారు నిలబడ్డాడు. ఉద్యోగం మీదికి తెచ్చుకున్నవాడికి కనీసం ఒక థాంక్స్ దక్కుతుందని ఆశపడ్డాడు. ఎందుకు దాచాలి, కాళ్ళకి దణ్ణం పెట్టినా పెడుతుందేమో అనుకున్నాడు.

"సార్, నాలుగేళ్ళ కిందట మా అక్క ఇదే బుడ్డి తూచింది. ముప్పై ఒకటి వచ్చింది. మీరు కొట్టేయించి పందొమ్మిది రాయించారు. గుర్తుందా?"

గుర్తులేదు. ఎంతమందివి కొట్టేయించాడో లెక్క ఉంటే కదా.

"నీ చేతికి లాబ్ పని అబ్బదమ్మా అన్నారట. ఎమ్మెస్సీ సీటు వచ్చినా చేరలేదు. ఇప్పుడు బట్టలకొట్లో బిల్లులు రాస్తోంది."

ముప్పై ఒకటి. మేష్టారు మనసులోనే లెక్క కట్టాడు. నీళ్ళు ముప్పై ఐదు, బరువు ఒకటి పాయింట్ నాలుగు మూడు, లెక్కలో మాన్యువల్ చెప్పిన ఇరవై ఐదు వేస్తే సగటు డెబ్భై. తొంభైరెండుని డెబ్భైతో భాగిస్తే సరిగ్గా ముప్పై ఒకటే వస్తుంది. ఆ పిల్ల గ్యాసు లీకు చేయలేదు, తక్కెడ తప్పు చూడలేదు. చెప్పింది చెప్పినట్టు విన్నది, అంతే. ఆయనకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పొద్దుట చెప్పిన నిజానికి తనని తానే మెచ్చుకుంటూ తిరిగాడు మధ్యాహ్నమంతా.

"అదీ... అప్పుడు పద్ధతి అలా ఉండేదమ్మా" అన్నాడు.

అమ్మాయి ఫోన్ తీసి నంబరు నొక్కి, మోగుతుండగానే ఆయన చేతిలో పెట్టింది. "నేను చెప్పినా నమ్మదు సార్. మీరు చెప్తే నమ్ముతుంది. అప్పుడూ మీరు చెబితేనే నమ్మింది."

అవతల బట్టలకొట్టు గోల వినిపించింది. "ఏంటే, కౌంటర్ దగ్గరున్నాను, తొందరగా చెప్పు" అంది ఒక గొంతు.

"నేనమ్మా, లాబ్ మేష్టార్ని" అన్నాడు. "నీ తూకం తప్పు కాదమ్మా. ఉష్ణోగ్రత మేమే తప్పు చెప్పాం."

కొట్టు గోల మెల్లగా దూరమైంది. ఆమె బయటికి నడిచినట్టుంది.

"ఈ మాట ఆ రోజు మీకు తెలుసా సార్?" అని అడిగింది.

"తెలుసమ్మా" అన్నాడు.