అమ్మకే చెప్పిన డాక్టరు

పందొమ్మిదివందల యాభైల నాటి మాట. మా చోడవరంలో ఆడవాళ్ళు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేవారు. అమ్మ అంగిట్లో పుండు మానకపోయేసరికి డాక్టరు చిన్న ముక్క కోసి పరీక్షకు విశాఖ పంపించాడు.

ఫలితం వచ్చిన రోజు ఆయన వాలకం నాకు నచ్చలేదు. కాంపౌండరును బయటికి పంపి, తలుపు వేసి, కుర్చీ అమ్మ దగ్గరికి జరుపుకున్నాడు. చెప్పొద్దని నేను సైగ చేస్తే చూడనట్టే ఉన్నాడు.

“ఈ పుండు ఏమిటనుకుంటున్నారమ్మా?” అన్నాడు. తనకు తెలియక మమ్మల్నే అడుగుతున్నాడేమోనని నా అనుమానం.

“ఉన్నదున్నట్టు మీకు చెప్పనా, అబ్బాయికి చెప్పనా?” అని మళ్ళీ ఆయనే అడిగాడు.

“నాకే సెప్పు బాబూ.”

“మంచి కబురు కాదమ్మా. ఇది రాచపుండు. కేన్సర్ అంటారు.”

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చినంతసేపూ ఆయన కుర్చీలోంచి కదల్లేదు.

“సుట్ట వల్లేనా?”

“కావచ్చు. ఊళ్ళో అందరిలాగే మీరూ కాల్చారు. మీ తప్పనుకోకండి.”

“బతుకుతానా బాబూ?”

“మాటివ్వలేను. విశాఖలో పుండు మాడ్చడానికి కరెంటు పెడతారు, నొప్పి తగ్గించే మందులున్నాయి. అక్కడి డాక్టరుతో నేను మాట్లాడతాను. రెండ్రోజుల్లో మళ్ళీ రండి, ఏమడగాలన్నా అడగండి.”

బయటికి రాగానే, “మనిషేనా ఈయన?” అన్నాను.

అమ్మ నడుస్తూనే అంది. “ఒరే, పుండు సూపించిన కాడినుంచి నువ్వు నా మీద ఒక్కసారీ ఇసుక్కోలేదు. ఏటో దాస్తన్నావని నాకు నిద్దర పట్టలేదురా. ఈయేల పడుకుంటాను.”

ఆ గదిలో నేను అనుమానించింది డాక్టర్ని. అమ్మ అనుమానించింది నన్ను.