అవునండి మాస్టారి సాక్ష్యం

కాలేజీలో చరిత్ర చెప్పే మాస్టారికి ఎవరితోనూ పేచీ లేదు. పేచీ పడాలంటే ముందు కాదనాలి, ఆ మాట ఆయన నోట ఎవరూ విని ఎరగరు. ప్రిన్సిపాల్ ఎండ మండిపోతోందంటే అవునండి, అదే నిమిషంలో అటెండరు మబ్బు పట్టిందంటే అవునండి. అందుకే పిల్లలు ఆయనకి అవునండి మాస్టారని పేరు పెట్టారు. ఆ సంగతి ఎవరో ఆయన చెవిన వేసి, పేరు బాగా కుదిరింది కదండీ అంటే, ఆయన నవ్వి అవునండి అన్నారు.

ఇంట్లోనూ ఇదే వరస. కుట్టుమిషను పాడుచేసింది మీ అక్కేనని భార్య అంటే అవునంటారు. సాయంత్రం అక్క ఇంటికి వెళ్తే, ఆ మిషను మీ ఆవిడ చేతిలో పడ్డనాడే పోయిందిరా అని ఆవిడంటే, అవునక్కా అంటారు. ఇద్దరికీ ఈ సంగతి తెలుసు. తెలిసీ అడుగుతూనే ఉంటారు, ఎందుకంటే ఆ ఊళ్లో ఇంత సులువుగా గెలిపించే మనిషి ఇంకొకడు దొరకడు.

చిక్కల్లా పరీక్షతో వచ్చింది. ఫైనలియర్ చరిత్ర పేపర్లో ఇరవై మార్కుల ప్రశ్న ఒకటుంటుంది. ఒకే సంఘటన మీద ఇద్దరు చరిత్రకారులు ఎడమొహం పెడమొహంగా రాసిన పేరాలు రెండు ఇచ్చి, వీటిని పరిశీలించి మీ నిర్ణయం రాయండి అంటారు. మాస్టారు దానికో కషాయం కనిపెట్టారు. మొదటివారి వాదనలో కొంత నిజముంది, రెండోవారి వాదనలోనూ కొంత నిజముంది, అసలు నిజం ఈ రెంటి మధ్యా ఉంది. ఏ సంఘటనకైనా ఇదే మందు. పిల్లలు దాన్ని ఏళ్ల తరబడి బట్టీపట్టి, పదిహేనేసి మార్కులు తెచ్చుకుని సుఖంగా బతికారు.

ఈ ఏడు పరీక్షల వాళ్లు కొత్త నిబంధన పంపారు. ఎవరి వాదన ఎందుకు బలమైనదో తేల్చని జవాబుకి సగానికి మించి వెయ్యకూడదట. ప్రిన్సిపాల్ మాస్టారిని గదిలోకి పిలిచారు.

"ప్రీఫైనల్లో మనవాళ్లు సగం దగ్గరే చతికిలబడితే, ఫైనలియర్ క్లాసు కొత్తగా చేరిన ఆ లెక్చరరమ్మాయికి ఇచ్చేస్తానండీ. మీరు రిటైరయ్యేదాకా ఫస్టియర్ వాళ్లకి తేదీలు చెప్పుకుందురుగాని. సబబే కదా?"

అవునండి అని వచ్చేశారు గాని, మాస్టారు మెట్లు దిగి అలవాటుకొద్దీ ఫైనలియర్ గది వైపే నడిచారు. ఆ క్లాసంటే ఆయనకి ప్రాణం. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కునేది ఆ ఒక్క క్లాసు కోసమే.

పైగా ఈసారి సిలబస్‌లో పెట్టిన సంఘటన వాళ్ల ఊరి నూలుమిల్లు సమ్మె. నలభై ఏళ్ల కిందట కూలి పెంచమని కార్మికులు సమ్మె చేశారు. యాజమాన్యం గేటు మూసి, బయటివాళ్లతో పని చేయించబోయింది. ఒక మధ్యాహ్నం గేటు తెరుచుకుంది, జనం లోపలికి వెళ్లారు, సాయంత్రానికి కూలి పెరిగింది. ఇంతవరకు ఎవరికీ తగువు లేదు. గేటు ఎలా తెరుచుకుందన్న దగ్గరే ఇద్దరు పెద్దమనుషులు లావుపాటి పుస్తకాలు రాశారు. జనం బలానికి గేటు విరిగిందని ఒకాయన. యాజమాన్యం ముందే రాజీకొచ్చి లోపలినుంచి తెరిపించిందని ఇంకొకాయన.

ఆ రెండు పుస్తకాల్లోనూ అడుగున చిన్న అక్షరాల్లో ఒకే మాట ఉంది: గేటు దగ్గర పనిచేసిన వ్యక్తి చెప్పినది. ఆ వ్యక్తి మన మాస్టారే. చదువుకుంటూ ఆ గేటు గదిలో హాజరు రాసే కుర్రాడిగా చేసేవారు. మొదటి చరిత్రకారుడు కంచుగొంతుతో "జనం తోపుకి గేటు పడిపోయింది, అవునా?" అని అడిగాడు. అవునండి. రెండోవాడు కొన్నేళ్ల తర్వాత వచ్చి, మెత్తగా, టీ ఇప్పించి మరీ, "లోపల్నుంచే తెరిచారు కదండీ?" అన్నాడు. అవునండి. రెండు పుస్తకాలూ మాస్టారి బీరువాలో పక్కపక్కనే ఉన్నాయి. వాటిని ఆయన అట్ట నలగకుండా చూసుకునేవారు.

ప్రిన్సిపాల్‌కి ఇదేమీ తెలియదు. పిల్లలకి పనికొస్తుందని ఇద్దరు చరిత్రకారుల్నీ కాలేజీకి పిలిచి, సభకి అధ్యక్షుడిగా మాస్టారినే వేశారు.

"ఏమండీ, జ్వరమని పడుకోండి," అంది భార్య.

"అవును," అన్నారు మాస్టారు. కాని ప్రిన్సిపాల్ స్కూటరు పంపి, వస్తున్నారు కదండీ అని అడిగించారు. దానికీ అవుననేశారు.

సభ జోరుగా మొదలైంది. కంచుగొంతాయన కార్మికుల కరపత్రాలు చదివి, ముసలి కార్మికుల జ్ఞాపకాలు చెప్పి, బల్ల గుద్దాడు. మెత్తనాయన మేనేజరు బ్యాంకుకి రాసిన ఉత్తరం తీశాడు. సరుకు సమయానికి పంపకపోతే మునిగిపోతాం, రాజీ ఆలోచిస్తున్నాం అని అందులో ఉంది. గేటు తెరుచుకోడానికి ముందురోజు రాసిన ఉత్తరం.

"చూశారా, ముందే రాజీపడ్డారు," అన్నాడు మెత్తనాయన.

"ఆలోచిస్తున్నాం అంటే పడ్డట్టా? జనం రోడ్డు మీద ఉన్నారు కాబట్టే ఆలోచన పుట్టింది. మీ ఉత్తరం నాకే సాక్ష్యం!" అన్నాడు కంచుగొంతాయన.

ఒకే కాగితాన్ని ఇద్దరూ చెరో కొసా పట్టుకుని లాగుతుంటే పిల్లలకి మహా సరదాగా ఉంది. మాస్టారు మాత్రం మంచినీళ్ల గ్లాసు వెనక దాక్కోడానికి వీలవుతుందేమో చూస్తున్నారు.

అప్పుడు లేచింది ఒకమ్మాయి. క్లాసులో ఏది చెప్పినా ఎందుకండీ అంటుంది కాబట్టి దానికి ఎందుకండి అనే పేరు. రెండు పుస్తకాలూ చంకన పెట్టుకుని ఉంది.

"ఇద్దరూ గేటు దగ్గర పనిచేసిన మనిషి చెప్పాడని రాశారు కదండీ. ఆయన ఒక్కరేనా, ఇద్దరా?"

చరిత్రకారులిద్దరూ ధీమాగా చెయ్యెత్తారు. రెండు వేళ్లూ వచ్చి మాస్టారి మీదే ఆగాయి. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి వేలు ఒకరు చూసుకున్నారు.

 ఆ వెంటనే వెనక బెంచీనుంచి ఎవరో సన్నగా "అవునండి" అన్నారు. హాలు ఘొల్లుమంది.

"విరిగిందని మీరే కదండీ నాతో చెప్పింది?"

"తెరిచారని మీరే కదండీ నాతో అన్నది?"

మాస్టారు ఒకసారి అటూ, ఒకసారి ఇటూ తిరిగారు. రెండుసార్లూ అవునండి అనాలని నోటిదాకా వచ్చింది. ఎదురుగా ఫైనలియర్ క్లాసు మొత్తం కూర్చుని ఉంది. ఆ అమ్మాయి నవ్వడం లేదు. నిజంగానే తెలుసుకోవాలని నిలబడి ఉంది. దాని మొహం చూసి మాస్టారికి సిగ్గేసింది. ఇన్నేళ్లలో మొదటిసారి, కడుపులోంచి వచ్చిన సిగ్గు.

"గేటు విరగలేదు. లోపలివాళ్లు తెరవమనీ చెప్పలేదు. గడియ నేను తీశాను."

ప్రిన్సిపాల్ కుర్చీలో ముందుకి వంగారు.

"బయట జనంలో మా నాన్న ఉన్నాడు, నూలు వడికే స్పిండిల్ ఖాతాలో ఆయన పని. లోపల నా ఉద్యోగం ఉంది. తలుపు తెరిస్తే ఉద్యోగం పోతుంది. తెరవకపోతే మా నాన్న మొహం చూడలేను. అందుకని గడియ ఒక్కటీ తీసి, తలుపు ముట్టుకోకుండా గదిలోకెళ్లి నిలబడ్డాను. జనం తోశారు, తెరుచుకుంది. వాళ్లు మేమే విరగ్గొట్టామనుకున్నారు. మేనేజరు పైవాళ్లెవరో తెరిపించారనుకున్నాడు. అప్పట్లో నన్నెవరూ అడగలేదు. తర్వాత వీళ్లొచ్చి అడిగినప్పుడు అవునండి అన్నాను."

 చరిత్రకారులు తేరుకోడానికి రెండు క్షణాలే పట్టింది.

"చూశారా! కాపలా గదిలో కుర్రాడు కూడా మనసులో సమ్మెలో ఉన్నాడు. ఇదీ జనం బలం!" అన్నాడు కంచుగొంతాయన.

"కాదు. గడియ తీసినా ఆపే దిక్కు లేదు, మందలించే మనిషి లేడు. యాజమాన్యం అప్పటికే చేతులెత్తేసింది," అన్నాడు మెత్తనాయన.

గడియ సంగతి తేలింది గాని తగువు అంగుళం కదల్లేదు. ఇద్దరూ మళ్లీ బల్ల గుద్దుకుంటుంటే, ఎందుకండి అమ్మాయి గట్టిగా అడిగింది.

"మరి మీరేమంటారు మాస్టారూ?"

ఆయన గ్లాసు పక్కన పెట్టారు. "గేటు విరిగిందని రాయడం తప్పు. ఆ ముక్కలో రెండో ఆయన దగ్గరగా ఉన్నారు. కాని ఎందుకు తెరుచుకుందంటే, జనం బయట లేకపోతే నేను ఆ గడియ ముట్టుకునేవాడిని కాను. కారణం దగ్గర మొదటి ఆయన వాదనే బలమైంది. రెండూ సమానం మాత్రం కావు." అంత మాట అనేసి ఆయనకే ఆశ్చర్యం వేసి, కూర్చుండిపోయారు.

మర్నాటినుంచి క్లాసులో కషాయం బందయింది. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఏ కాగితాలు చూశారు, ఏవి చూడలేదు, సాక్షిని ఎలా అడిగారు, ఆ సాక్షికి ఏం లాభం అని మాస్టారే గుచ్చిగుచ్చి అడగడం మొదలుపెట్టారు. ఇంటికెళ్లి, కుట్టుమిషను పాడవడానికి కారణం నూనె వెయ్యకపోవడమనీ, అది ఇద్దరి తప్పూ అయినా భార్యదే ఎక్కువనీ తీర్పు చెప్పారు. ఆ వారమంతా ఆయన కూర తానే వండుకున్నారు.

ప్రీఫైనల్ వచ్చింది. పేపర్లు మాస్టారూ, కొత్త లెక్చరరూ విడివిడిగా దిద్దాలని ప్రిన్సిపాల్ ఉత్తర్వు. క్లాసు క్లాసంతా సగం దాటింది. ఇద్దరి లెక్కా కలవనిది ఎందుకండి అమ్మాయి పేపరు ఒక్కటే. అందులో ఇలా ఉంది:

"ఈ సాక్షికి అడిగినవాళ్లకి నచ్చిన మాట చెప్పే అలవాటుంది. కాబట్టి ఆయన మొదటి రెండు మాటలకీ విలువ తక్కువ. మూడోసారి చెప్పినదానికి బరువు ఎక్కువ. ఎందుకంటే అది ఎవరికీ నచ్చలేదు, చెప్పినాయనకి కూడా."

మాస్టారు ఆ వాక్యాల్ని రెండోసారి చదివారు. నొచ్చుకున్నారు, గర్వపడ్డారు, కళ్లజోడు తుడుచుకున్నారు.

ప్రిన్సిపాల్ ఇద్దరి మార్కుల జాబితాలూ పక్కపక్కన పెట్టుకున్నారు. "ఆ అమ్మాయి జవాబుకి మేడం ఇరవైకి ఇరవై వేశారు, మీరు పద్దెనిమిది. ఫైనలియర్ మీకే ఉంచుతాను లెండి, ఇహ దానిగురించి బెంగ వద్దు. దీనికి మాత్రం మధ్యలో పందొమ్మిది వేసేద్దాం. అంతేకదండీ మాస్టారూ?"

కొత్త లెక్చరర్ అప్పుడే తలూపేసింది. ప్రిన్సిపాల్ పెన్ను మూత తీశారు, మాస్టారి నోట రావలసిన మాట కోసం ఊరికే మర్యాదకి ఆగారు.

"కాదండి," అన్నారు మాస్టారు.

పెన్ను గాలిలోనే ఆగింది.

"బ్రహ్మాండంగా రాసింది. కాని మూడోసారి చెప్పిందీ నేనొక్కడినే కదండీ. ఆ రోజు గేటు దగ్గరున్న ఇంకెవరినీ వెతకలేదు, ఏ కాగితంతోనూ సరిచూడలేదు. నా మాట నమ్మేసింది. దానికి రెండు మార్కులు పోవాలి."