రెండో పేజీ అడుగున ఒక వాక్యం

పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడను కూతురు చదివే బడిలోని తల్లిదండ్రులంతా ‘నాలుగు ముక్కలక్క’ అనేవారు. బడి నుంచి సర్క్యులర్ వచ్చిందంటే చాలు, అందరి చూపూ ఆవిడ వైపే. వంకరటింకర వాక్యాలన్నీ వడగట్టి, ఎప్పుడు, ఏం తేవాలి, ఎంత కట్టాలి, ఎవరు సంతకం పెట్టాలి అని నాలుగు ముక్కల్లో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టేసేది. ఎవరూ అడగకుండానే నెత్తికెత్తుకున్న పని అది. పిల్లల పుణ్యమా అని పదిమందీ తనను పేరుపెట్టి తలుచుకోవడం లోలోపల ఇష్టంగానే ఉండేది.

ఆ గ్రూపును నమ్ముకున్నవాళ్లలో సైకిల్ షాపతను ఒకడు. భార్య పోయాక కూతురు చిట్టిని ఒంటిచేత్తో పెంచుతున్నాడు. చిట్టీ, అక్క కూతురూ ఒకే బెంచీ.

ఆ ఏడు కొండమీది నక్షత్రశాలకు విహారయాత్ర అన్నారు. ఒక రాత్రి అక్కడే బస, టెలిస్కోపులో శనిగ్రహం చూపిస్తారట. రెండు పేజీల సర్క్యులర్ వచ్చేసరికి క్లినిక్కు కిటకిటలాడుతోంది. ఒకాయన దవడ పట్టుకుని మూలుగుతున్నాడు. అక్క ఒక చెవి ఆయనకిచ్చి, కళ్లు ఫోనుకిచ్చింది.

రెండు తేదీలున్నాయి. బయలుదేరేది పద్దెనిమిదిన, అనుమతి స్లిప్పు, ఫీజు ఇవ్వడానికి ఆఖరు రోజు తొమ్మిదో తేదీ. ఈ రెంటినీ కలగాపులగం చేయకుండా విడివిడిగా రాసింది. దుప్పటి, టోపీ, నీళ్ల సీసా, టార్చిలైటు. స్లిప్పు మీద తల్లి గానీ తండ్రి గానీ సంతకం. రెండో పేజీ అడుగున ఇంకో వాక్యం: ఉబ్బసం, మూర్ఛలాంటివి ఉన్న పిల్లలకు డాక్టరు సంతకంతో చీటీ జతచేయాలి.

అది చదివింది. చదవకపోవడం కాదు. కిందటిసారి ఒకావిడ, “అక్కా, నీ నాలుగు ముక్కలు కూడా సర్క్యులరంత అవుతున్నాయే!” అని నవ్వింది. ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉంది. ఎవరో ఒకరిద్దరికి వర్తించేది, వాళ్ల సంగతి వాళ్లే చూసుకుంటారులే అనుకుని వదిలేసింది.

పద్దెనిమిదిన తెల్లవారుతూనే బస్సు బడి గేటు ముందు నిలబడింది. చిట్టి టోపీ పెట్టుకుని, చుట్టిన దుప్పటి చంకన పెట్టుకుని అందరికంటే ముందే వచ్చింది. బస్సు మెట్టు దగ్గర బడి నర్సు జాబితా చూసి ఆపింది.

“పాపకి ఉబ్బసం అని రికార్డులో ఉంది. డాక్టరు చీటీ ఏదండీ?”

“అది అడిగారా? నాలుగు ముక్కల్లో లేదే,” అన్నాడు సైకిల్ షాపతను, వెనక నిలబడిన అక్క వైపు తిరిగి. నిష్ఠూరంగా కాదు, నిజంగా తెలియక.

అక్క ముందుకు తోసుకొచ్చింది. “తప్పు నాది. నేనే రాయలేదు,” అని నర్సు చేతులు పట్టుకున్నంత పని చేసింది. “పాపని చూసే డాక్టరుకి ఫోన్ చేస్తాను, ఒక్క నిమిషం ఆగండమ్మా.” ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆ వేళకు ఎవరు తీస్తారు?

“రాత్రిపూట కొండమీద ఆయాసం వస్తే ఎవరు జవాబు చెప్తారండీ?” అంది నర్సు. ఆవిడ అన్నదాంట్లోనూ తప్పులేదు. బడి ఆఫీసువాళ్లు మాత్రం స్లిప్పులు కట్టలు కట్టి పెట్టారే తప్ప, ఎవరి చీటీ లేదో చూసుకోలేదు.

బస్సు కదిలింది. కిటికీ పక్క సీటు చిట్టి కోసం పట్టి ఉంచిన అక్క కూతురు బిక్కమొహంతో చూస్తూ వెళ్లిపోయింది. చిట్టి ఏడవలేదు. టోపీ తీసి సంచిలో పెట్టుకుంది, అంతే.

“నన్ను నాలుగు తిట్టు తమ్ముడూ,” అంది అక్క.

“ఎందుకక్కా? మీరు పెట్టకపోతే నాకు ఆ తేదీలు కూడా తెలిసేవి కాదు. కాగితం నా ఫోన్లోనూ ఉంది కదా. తెరిచి చూడలేదు,” అన్నాడతను. ఆ మాట తిట్టుకంటే ఎక్కువగా తగిలింది.

బడివాళ్లు ఫీజు తిరిగిచ్చారు. అప్పటినుంచి అక్క ఒక్క వాక్యం కూడా వదలడం లేదు. ‘అందరికీ’, ‘కొందరికి మాత్రమే’ అని విడదీసి, కొందరికి సంబంధించింది ముందు పెట్టి, కింద ‘అసలు కాగితం మీరూ చదవండి’ అని చేరుస్తోంది. పొడవైందని ఎవరు నవ్వినా పట్టించుకోవడం లేదు. ఉబ్బసం మాటుంటే గ్రూపుతో సరిపెట్టుకోక, షాపుకు వెళ్లి మరీ చెబుతోంది.

ఏం లాభం? మరుసటి ఏడు సముద్రం చూపిస్తామన్నారు. డాక్టరు చీటీ సహా అన్నీ ముందే సిద్ధం చేసి తండ్రి స్లిప్పు చేతికిస్తే, “నాకొద్దు నాన్నా,” అందట చిట్టి. అక్క బతిమాలడానికి వెళ్లింది. చిట్టి హోంవర్క్ మీంచి తలెత్తి, “ఆంటీ, శనిగ్రహం చుట్టూ నిజంగానే ఉంగరం కనబడిందటగా?” అని అడిగింది.

తన కూతురు ఆ ఉంగరం సంగతి ఇంట్లో ఎన్నిసార్లు చెప్పిందో అక్కకు తెలుసు. అయినా, “ఏమోనమ్మా,” అంది.