మగ్గం మీద వాలిన మనిషి

ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో ఉచ్చీరప్పంత బుద్ధిమంతుడు లేడని 1979 వేసవిలో తేలిపోయింది. అంతకు ముందు పదిహేనేళ్లుగా ఆయన బుద్ధి సారాయి అంగడి బల్ల మీదే కాపురముండేది. ఇప్పుడేమో తెల్లారేసరికే గుంట మగ్గంలో కాళ్లు దించి, ముందుకు వంగి, గుడ్డ చుట్టుకునే కర్ర మీదికి వాలి కూర్చుంటున్నాడు. అన్నానికి పిలిచినా లేవడం లేదు. భార్య హులిగమ్మ సంతోషం పట్టలేక ఉరుకుంద ఈరన్న స్వామికి టెంకాయ కొట్టి వచ్చింది. సాయంత్రం అంగడికి పోవడం మాత్రం ఆయన మానలేదు. అంత కష్టపడే మగాడికి ఆ మాత్రం లేకుంటే ఎట్లా అని ఆమే సర్దుకుంది.

అసలు సంగతి ఆమెకు తర్వాత తెలిసింది. బాగా తాగి, కొవ్వు కూర తిన్న మర్నాడల్లా ఆయనకు పొట్ట పైభాగాన నొప్పి లేచి వీపులోకి దూసుకుపోయేది. వెల్లకిలా పడుకుంటే ప్రాణం పోయినంత పనయ్యేది. ముందుకు వంగి కూర్చుంటే కాస్త నయం. ఎమ్మిగనూరులో అట్లా వంగి కూర్చున్నవాణ్ణి రోగి అని ఎవరంటారు? నేతగాడనే అంటారు.

నొప్పి సంగతి ఆయన చెప్పుకున్నది ఒక్క ఉరుకుందప్పకే. తాగుడులో జోడీ. ఆ మహానుభావుడు వైద్యం ఎక్కడా చదవలేదు గానీ లోకంలోని జబ్బులన్నిటికీ మందు ఆయన దగ్గరుంది. అన్నిటికీ ఒకటే మందు.

"గ్యాసప్పా అది. సారాయిలో మిరియాల పొడి ఏసి కొట్టు. సల్లగైపోతాది" అన్నాడు.

ఉచ్చీరప్ప శ్రద్ధగా ఆ వైద్యం చేయించుకున్నాడు. శ్రావణానికి ముందు ఉరుకుందప్ప మొక్కు తీర్చుకోను పొట్టేలు కోసి విందు పెట్టినాక, వైద్యం కాస్త గట్టిగానే జరిగింది.

మర్నాడు పొద్దున హులిగమ్మ చూస్తే మొగుడు మగ్గం మీద వంగే ఉన్నాడు, పోగును అటూ ఇటూ నడిపే నాడె మాత్రం ఆడడం లేదు.

"ఏమయ్యో, కూసోనే నిద్రపోతాండావా?" అని నవ్వింది.

ఆయన తలెత్తి, ఆ గుంటలోకే వాంతి చేసుకున్నాడు. ఒకటి కాదు, వరసగా. ఎంత కక్కినా నొప్పి తగ్గలేదు. ఒళ్లంతా చెమట, పొట్ట బిగుసుకుపోయింది. ఆమె నవ్వు ఎగిరిపోయింది. ఉరుకుందప్పను సాయం పిలిచి బస్సెక్కించి ఆదోని పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ పడుకోమంటే ఆయన పడుకోలేకపోయాడు. మోకాళ్లు దగ్గరికి లాక్కుని ముందుకే వంగాడు.

"నొప్పి వీపులోకి పోతుందా? తాగుతాడా?"

"మనుషులు తాగినంతేనమ్మా" అన్నాడు ఉరుకుందప్ప వినయంగా.

డాక్టరమ్మ హులిగమ్మను పక్కకు పిలిచింది. "జీర్ణకోశం వెనక క్లోమం అని ఒకటుందమ్మా. తిన్నది అరగడానికి రసాలు చేస్తుంది. అవి పేగులోకి చేరాకే పని మొదలుపెట్టాలి. ఏళ్ల తరబడి తాగితే ఆ రసాలు క్లోమంలోనే లేచి, దాన్నే అరిగించేస్తాయి. ఈ నొప్పి అదే. గ్యాసు కాదు. మొదటిసారి వచ్చిన రోజే తాగుడు మాని ఇక్కడికి రావాల్సింది."

"అప్పుడు మగ్గం కాడ కూసున్నాడమ్మా. పని సేస్తాండాడనుకుంటి" అంది హులిగమ్మ.

సెలైన్ ఎక్కించారు. నొప్పికి సూది వేశారు. ముక్కులో గొట్టం పెట్టారు. నోటికి ఏదీ ఇవ్వొద్దన్నారు. నీళ్లు కూడా వద్దు, చుక్క లోపలికి పోయినా ఆ రసాలు మళ్లీ ఊరతాయట. హులిగమ్మ మంచం పక్కన కాపలా కూర్చుంది. ఉరుకుందప్ప పంచె మడతలో సీసా తెచ్చి, "సేతులు వణుకుతాండాయి సూడు వదినా, గుక్కెడు పోస్తే నిలబడతాడు" అంటే గుమ్మం దాకా తరిమింది.

ఉచ్చీరప్ప మాత్రం నీళ్లే అడిగాడు. "గుక్కెడు పొయ్యవే, నోరెండిపోతాంది" అని చిన్నపిల్లాడిలా బతిమాలాడు.

"వద్దన్నారయ్యా. బతకాల నువ్వు" అంటూ ఆమె చెంబును మంచం కిందికి తోసింది.

అప్పటికే ఆలస్యమైపోయింది. మూత్రం ఆగిపోయింది, నాడి జారిపోయింది. మూడోనాటికి ఆయన పోయాడు.

చిన్నదినం నాడు సమాధి దగ్గర పోయినవాడికి ఇష్టమైనవన్నీ పెట్టారు. ఉరుకుందప్ప కళ్లొత్తుకుంటూ వచ్చి, నిండు సీసా ఒకటి విస్తరి పక్కన నిలబెట్టాడు. స్నేహమంటే ఇదీ అని అందరూ తలూపారు. హులిగమ్మ ఆ సీసా తీసి ఉరుకుందప్ప చేతిలోనే పెట్టింది.

"నీకే పనికొస్తాదప్పా. నువ్వింకా బతికే ఉండావు కదా."

తర్వాత చెంబెడు నీళ్లు విస్తరి ముందు పెట్టింది.

"తాగయ్యా, తాగు. ఇప్పుడు నేను వద్దనను" అని బోరుమంది.