మూడు గంటల ట్యాంకు

యశవంత్ లిమయే పుణెలో ముప్పై ఏళ్ళపాటు అపార్ట్‌మెంట్లకు మురుగునీటి ప్లాంట్లు గీసి ఇచ్చిన ఇంజినీరు. పెద్ద పేరున్నవాడు కాదు గానీ, గీత తప్పని మనిషని అందరూ అనేవారు. ఆ మాట అతనికి ఇష్టం.

ఊరి చివర ఆరువందల ఫ్లాట్ల టౌన్‌షిప్‌కు ప్లాంటు గీసిందీ అతనే. రోజుకు నాలుగు లక్షల లీటర్లు శుద్ధి చేసేలా గీశాడు. ఇళ్ళ నుంచి మురుగు రోజంతా ఒకే తీరుగా రాదు. పొద్దున ఏడు నుంచి పది దాకా విరుచుకుపడుతుంది, మధ్యాహ్నానికి సన్నగిల్లుతుంది. ఆ ఉధృతిని ముందు ఒక ట్యాంకులో పట్టి ఉంచి, రోజుకు ఇరవై గంటలు నడిచే ప్లాంటుకు గంటకు ఇరవై వేల లీటర్ల చొప్పున నింపాదిగా పంపాలి. దాన్ని బ్యాలెన్సింగ్ ట్యాంకంటారు. లిమయే మొదట దాన్ని లక్షా పది వేల లీటర్లకు గీశాడు. బిల్డర్ మనిషి వచ్చి, ఆ చోటులో ఆరు కార్లు పడతాయని, కాస్త కుదించమని అడిగాడు. పొద్దుటి ఉధృతిని కాగితం మీద తక్కువగా చూపించి, లిమయే ట్యాంకును యాభై వేలకు కుదించాడు. సంతకం పెట్టాడు.

పదకొండేళ్ళ తర్వాత టౌన్‌షిప్ కమిటీ అతన్ని క్లబ్‌హౌస్‌కు పిలిచింది. పక్కనున్న వాగులోకి మురుగు పోతోందని ఫిర్యాదు వచ్చింది. ప్లాంటు నడిపే సోపాన్ వాఘ్‌మారే గోడ పక్కన నిలబడి ఉన్నాడు. పొద్దునపూట పంపు వాల్వు పూర్తిగా తెరిచేస్తున్నాడని, అందుకే బురద అడుగుకు దిగాల్సిన సెటిలింగ్ ట్యాంకులోంచి అది వాగులోకి కొట్టుకుపోతోందని ఒక సభ్యుడు చెప్పాడు. తెరవకపోతే బ్యాలెన్సింగ్ ట్యాంకు పొంగి పార్కింగ్‌లోకి వస్తుందని సోపాన్ అంటే ఎవరూ చెవిన పెట్టలేదు.

కమిటీ అధ్యక్షురాలు మృణాల్ సాఠే సూటిగా అడిగింది. "లిమయేగారూ, ప్లాంటు చిన్నదా?"

"కాదమ్మా. నాలుగు లక్షలకు కట్టాం. మీకు వచ్చేది మూడు లక్షల నలభై వేలే. లోటు లేదు."

అన్నది అక్షరాలా నిజం. అడగని సంగతి అతను చెప్పలేదు. సోపాన్ అతని వైపు చూశాడు. ఇప్పుడు ట్యాంకు గురించి చెబుతాడనే నమ్మకం ఆ చూపులో ఉంది. లిమయే టీ కప్పు వైపు తల తిప్పుకున్నాడు. మర్నాడే సోపాన్‌ను పనిలోంచి తీసేశారు.

కొత్తగా వచ్చినవాడు వాల్వు ముట్టుకోలేదు. మురుగు పార్కింగ్‌లోకి పొంగింది. సాఠే లిమయే ఇంటికి వచ్చి ఒక నోటుపుస్తకం చేతికిచ్చింది. సోపాన్ పంపుగదిలో వదిలేసి వెళ్ళిన పుస్తకమట.

"నాకు అర్థం కాలేదు. మీరు చూడండి."

అందులో సోపాన్ అరగంటకోసారి ట్యాంకులో నీళ్ళ మట్టం రాసుకున్నాడు. నాలుగేళ్ళ లెక్క. ఏడింటికి దాదాపు ఖాళీ. ఎనిమిదిన్నర దాటితే అంచు. పండగ రోజుల్లో ఇంకా ముందే. లిమయే పెన్సిలు తీసుకుని లెక్క వేశాడు. గంటకు యాభై వేలు వస్తే, ఇరవై వేలు పోతే, మిగిలే ముప్పై వేలకు ఆ ట్యాంకు గంటా నలభై నిమిషాలు నిలుస్తుంది. ఎనిమిదీ నలభై. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, లిమయే దాచినదాన్ని రోజూ కళ్ళతో చూసి రాసుకున్నాడు. లిమయేకు ముఖం మండిపోయింది. ఆ పూట అన్నం సహించలేదు. భార్య అడిగితే ఎండదెబ్బ అన్నాడు. ఆ అబద్ధానికి కూడా సిగ్గేసింది.

వారం పట్టింది అతనికి కమిటీ ముందు నోరు విప్పడానికి. ట్యాంకు చిన్నదని, తెలిసే చిన్నది చేశానని చెప్పాడు. ఎవరూ తిట్టలేదు. ఇప్పుడేం చేయాలో చెప్పమంది సాఠే. ఆ ఆరు పార్కింగుల కింద తవ్వి మరో అరవై వేల లీటర్ల ట్యాంకు కట్టి, పాతదానికి కలపాలన్నాడు. డ్రాయింగు ఉచితంగా ఇస్తానన్నాడు. అది చాలదని తనకే తెలుసు.

సోపాన్ అప్పటికే పుణెలోనే హడప్సర్ వైపు ఒక బట్టలుతికే కర్మాగారం ప్లాంటులో చేరాడు. లిమయే అక్కడికి వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు. తిరిగి రమ్మని కమిటీ అడుగుతోందని చెప్పాడు.

"నేను రాను సార్. అంతమంది ముందు నన్ను చేతకానివాడని అన్నారు. ఇక్కడ నా మాట వింటున్నారు."

"తప్పు నాదే సోపాన్. ఆ రోజు నేను చెప్పాల్సింది."

"అవును, చెప్పాల్సింది." కోపం లేదు ఆ గొంతులో. "పని చేతకాక తీసేశారని మా అల్లుడు ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు. ఒక కాగితం రాసివ్వండి."

లిమయే అక్కడే, కాపలావాడి బల్ల మీద మరాఠీలో రాశాడు. ట్యాంకు చిన్నది కావడం వల్లే మురుగు పొంగిందని, సోపాన్ వాఘ్‌మారే తప్పేమీ లేదని. సోపాన్ కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాడు.

"ట్యాంకు దానంతటది చిన్నదవలేదు కద సార్. ఎవరు చేశారో కూడా రాయండి."

లిమయే కాగితం వెనక్కి తీసుకున్నాడు. ట్యాంకును కుదించినవాడిగా తన పేరు పూర్తిగా రాశాడు.