పెద్ద చెరువు

రిటైరయ్యాక వారానికి రెండు మూడు సార్లు ఏలూరు నుంచి గణపవరం వెళ్లి మా బావ చేపల మేతకొట్లో కూర్చునేవాణ్ణి. బావంటే మా అక్క భర్త. కొల్లేరు వైపు ఆయనకు రెండు చేపల చెరువులున్నాయి. ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసిన నాకు ఎవరు ఏ పని చెప్పారో సాయంత్రం డైరీలో రాసుకుంటే తప్ప నిద్ర పట్టదు. బావది నాకు సరిగ్గా వ్యతిరేకం. ఏ పనైనా సగమే చెబుతాడు. మిగతా సగం ఎదుటివాడు కనిపెట్టుకోవాలి. కనిపెట్టలేనివాడు ఆయన దృష్టిలో మనిషే కాదు.

అత్తిలి నుంచి కొత్త మేనేజరు వచ్చాడు. ఫిషరీస్ చదివినవాడు, నెమ్మదస్తుడు, ఇద్దరు పిల్లల తండ్రి. ఇంతకు ముందు పనిచేసిన చోటు మూతపడి, ఈ ఉద్యోగం మీదే ఇల్లు గడుస్తోంది. చేరి వారం తిరగలేదు.

ఆ ఉదయం బావ తాడేపల్లిగూడెంలో పెళ్లికి బయల్దేరుతూ కారు ఎక్కబోయి వెనక్కి తిరిగాడు.

"ఏవయ్యా మేనేజరూ, పెద్ద చెరువులో చేపకి పేను పట్టిందంట. మందు కొట్టించెయ్."

"పెద్దదంటే రోడ్డు పక్కదాండీ? అందులో రొయ్యపిల్ల గానీ వదిలారాండీ? ఆ మందు పడితే రొయ్య బతకదండీ."

కొట్లో మేత బస్తాల కోసం వచ్చిన రైతులు ఐదారుగురున్నారు. బావ వాళ్ల వైపు తిరిగాడు.

"చూశారండీ? చదువుకున్న మేనేజరండీ మాకు! చెరువు పెద్దదో చిన్నదో కూడా నేనే చూపించాలంట. రేపు చేపకి నోరెటుందండీ అని అడుగుతాడు."

అందరూ నవ్వారు. అతనూ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. బావ కారెక్కి వెళ్లిపోయాడు.

చెరువు దగ్గర ఏ పనీ మానలేదతను. రెండు చెరువుల్లోనూ వెదురు గెడ దింపి నీటి లోతు చూసుకున్నాడు. విస్తీర్ణమూ లోతూ తెలిస్తే తప్ప మందెంతో తేలదు. వల వేయిస్తే రెండింట్లోనూ చేపకు పేను కనిపించింది. రొయ్యపిల్ల మరీ సన్నం, చేపల వల కన్నులోంచి జారిపోతుంది, కాబట్టి ఉందో లేదో అతనికి తెలియలేదు. కాపలావాడు కూడా కొత్తే. బావకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండు చెరువుల ఫొటోలూ వాట్సాప్‌లో పంపి, "ఏది సార్? రొయ్య ఉందా?" అని రాశాడు. జవాబుగా బొటనవేలు బొమ్మ వచ్చింది. మళ్లీ అడిగితే, "చెప్పింది చెయ్యి" అని వచ్చింది.

నాకు ఫోన్ చేశాడు. "మీకేమైనా తెలుసాండీ?"

తెలియదన్నాను. "తెలిసేదాకా ఆగండి" అన్నాను.

"అలాగేనండీ. పేను ఒక్కరోజులో ప్రాణం తియ్యదండీ, మందు తీస్తుంది" అని మందు డబ్బాలు గట్టు మీదే ఉంచేశాడు.

మర్నాడు బావ కొట్లోకి వస్తూనే అడిగాడు. "కొట్టించావా?"

"లేదండీ, మీరు ఏదని..."

"చెప్పిన పని చెయ్యలేనోడికి నా దగ్గర పని లేదు. ఇంటికెళ్లి మీ ఆవిణ్ణి అడుగు, అన్నం ఏ చేత్తో తినాలో."

ఈసారి రైతులెవరూ నవ్వలేదు. అతను కొట్టు తాళాలు బల్ల మీద పెట్టి, "వస్తానండీ" అని నాకు కూడా నమస్కారం చేసి వెళ్లిపోయాడు.

"పాపం, అతను అడిగిందాంట్లో తప్పేముంది బావా?" అన్నాను.

"నువ్వు గవర్నమెంటు ఉద్యోగం చేశావు. ఇలా ప్రశ్నలడుగుతూ కూర్చున్నా నీకు జీతం వచ్చింది" అన్నాడు.

వెంటనే ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు. ఉత్సాహవంతుడు, ప్రతిదానికీ "అయిపోద్దండీ" అనేవాడు. అదే మాట వాడికీ చెప్పాడు. వాడు ఏమీ అడగలేదు. రోడ్డు పక్కనున్న పెద్ద చెరువులో మందు కొట్టించాడు. తెల్లారేసరికి వేలెడైనా ఎదగని రొయ్యలు గట్టు వెంట తెల్లగా తేలాయి.

నేను వెళ్లేసరికి అక్క చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"పెద్ద చెరువంటే ఇది కాదురా. మా మావగారు మొదట తవ్వించింది, అదిగో ఆ చిన్నది. మా ఇంట్లో దాన్నే పెద్ద చెరువంటాం. ఇందులో మీ బావ పోయిన నెల్లోనే రొయ్యపిల్ల వదిలారు."

"ఈ సంగతి మేనేజర్లకి చెప్పారా?"

"ఊరందరికీ తెలిసిందేగా!"

కొత్త మేనేజరు తల దించుకుని నిలబడ్డాడు. బావ వాణ్ణి తిడతాడనే అనుకున్నాను. భుజం తట్టాడు.

"పోన్లేవయ్యా. చెప్పింది చేశావు. నాక్కావలసింది అదే."

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. అవతల ఇంకో చెరువుల యజమాని. మానేసి వెళ్లిన అత్తిలి మేనేజరుని పనిలోకి తీసుకోబోతూ, ఎలాంటివాడని వాకబు చేస్తున్నాడు. స్పీకరు పెట్టి ఉండటం వల్ల నాకంతా వినిపించింది. బావ చెప్పుతో ఒక చచ్చిన రొయ్యను నీళ్లలోకి నెడుతూ చెప్పాడు.

"మంచోడేనండీ, దొంగ బుద్ధుల్లేవు. కాకపోతే పని చెబితే ప్రశ్నలేస్తాడండీ."

"అమ్మో, అయితే వద్దులెండి" అన్నాడు అవతలాయన.