ఒకే గంగాళంలో మూడు బియ్యాలు

విడవలూరులో ఎస్తేరమ్మ నోటికి జడవనివాళ్ళు లేరు. నాకు మాత్రం ఆ నోరంటే గౌరవం. పందొమ్మిది వందల అరవైల మొదట్లో మా సంఘపు కోతల పండుగకు వంట ఆమెదే. వంటలో వేలు పెడితే పాదిరిగారినైనా సరే పొయ్యి దగ్గర్నుంచి తరిమేది. మొగుడు పోయి, పిల్లలు లేక, పండుగనాడు ఆ గంగాళం ముందు నిలబడటమే తన బతుక్కి గొప్ప అనుకునేది.

మేం ఆడవాళ్ళం రోజూ ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు దేవుడి పేరున తీసి దాచేవాళ్ళం. ఆదివారం కొంగున కట్టి మందిరానికి తెచ్చేవాళ్ళం. పండుగ ముందు నెలల్లో కూడిన ఆ బియ్యంతోనే పండుగనాడు సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు. భూములున్నవాళ్ళు మరలో పాలిష్ పట్టిన తెల్లటి పచ్చి బియ్యం తెచ్చేవాళ్ళు. అరవదేశం వైపు కూలికి పోయొచ్చినవాళ్ళు ఉప్పుడు బియ్యం తెచ్చేవాళ్ళు. సామ్రాజ్యం అవ్వలాంటి లేనివాళ్ళది రోట్లో దంచుకున్న ఎర్రటి దంపుడు బియ్యం. అందుకని ఎస్తేరమ్మ మందిరం వెనక మూడు కుండలు పెట్టింది.

ఆ ఏడు జ్ఞానప్రకాశంగారు కొత్తగా సంఘపెద్ద అయినారు. ఇరవై ఎకరాల ఆసామి. పండుగ ముందురోజు వచ్చి ఆ కుండలు చూసి, "దేవుడి ఇంట్లో ఈ తేడాలేంది? ఉన్నోడి బియ్యం ఒకచోట, లేనోడిది ఒకచోటా?" అని మూడూ ఒకే డ్రమ్ములో గుమ్మరించేశారు. అందరూ ఆమెన్ అన్నారు. మాట గొప్పదే, కాదనను. కానీ బియ్యానికి ఆ మాట తెలియదు గదా!

ఎస్తేరమ్మ కొంగు బిగించి వచ్చింది.

"ఎంత పని చేసినావు పెద్దయ్యా! పచ్చి బియ్యం ఎసట్లో పడితే ఇట్టే ఉడుకుతాయి. ఉప్పుడు బియ్యానికి ఇంకాసేపు పట్టుద్ది, మెతుకు బిరుసుగా నిలబడుద్ది. దంపుడు బియ్యం ముందే నానబెట్టాల, అన్నిటికన్నా ఎక్కువసేపు ఉడకాల. ఇప్పుడు నేను ఎవురి కోసం దించేది?"

"అన్నమే గదా ఎస్తేరమ్మా."

"కడిగేదెట్టా మరి? ఉప్పుడు బియ్యం వాసన పోయేదాకా రుద్ది కడగాల. దంపుడు బియ్యాన్ని అట్ట రుద్దితే పైనున్న తవుడు నీళ్ళ పాలు. ఆ తవుట్లోనే గదా పీచుండేది! ముసలోళ్ళకి కడుపు సాఫీగా ఉండేది దాంతోనే."

"ఏరాలంటే ఏరుకో."

"డ్రమ్ముడు బియ్యం, తెల్లారితే పండగ!"

"నీకు మనుషుల్ని వేరు చేసి చూడటం అలవాటైపోయింది" అన్నారాయన, అందరి ముందూ. పొయ్యి ముందు చెమటోడ్చి అందరికీ వండి పెట్టే మనిషిని పట్టుకుని ఆ మాట! నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పండుగనాడు ఆమె ఆ కలగలుపు బియ్యాన్నే పైపైన ఒక్కసారి కడిగి, నానబెట్టి, పొయ్యి మీదికెక్కించింది. పళ్ళు లేని సామ్రాజ్యం అవ్వ లాంటివాళ్ళు నమలాలి గనక దంపుడు గింజ మెత్తబడేదాకా ఉంచుదామనుకుంది. ఈలోగా పచ్చి బియ్యం చితికి జావ అవుతోంది. జ్ఞానప్రకాశంగారు గంగాళంలోకి తొంగి చూసి, "గంజి కాస్తున్నావా? దించు, దించు!" అని కేకలేశారు. ఎదురు చెప్పినా వినలేదు. ఇద్దరు మగవాళ్ళ చేత దింపించేశారు.

ఆకుల్లో ఏం పడిందో చెప్పడానికే సిగ్గు. బంకలాంటి ముద్ద, అందులో పలుకు పలుకుగా ఉప్పుడు మెతుకులు, పంటి కింద ఇసకలా దంపుడు గింజలు. సామ్రాజ్యం అవ్వ ఒక ముద్ద నోట్లో అటూ ఇటూ తిప్పి, గుట్టుగా కొంగులోకి ఊసేసింది. ఆమె ఇచ్చిన బియ్యమే ఆమెకు నమలరాలేదు!

అప్పుడు లేచారు జ్ఞానప్రకాశంగారు. "వచ్చే ఏటినుంచి వంట ఎస్తేరమ్మ చేయదు. ఆమె చెయ్యి పాడైపోయింది" అన్నారు. ఎస్తేరమ్మ గరిటె పట్టుకుని గంగాళం పక్కనే ఉంది. ఆమె చేతి అన్నం ఏళ్ళ తరబడి తిన్నవాళ్ళంతా ఆకుల్లోకి తలలు దించుకున్నారు!

ఆయన కూర్చున్నారు. పక్కనున్న ఆయన భార్య కరుణాకుమారి క్యారియర్ మూత తీసింది. లోపల ఇంట్లో వండిన సన్నబియ్యపు అన్నం, మల్లెమొగ్గల్లా. "ఈయనకి ఉప్పుడు బియ్యం వాసన పడదు" అంది మెల్లగా.

ఎస్తేరమ్మ వచ్చి ఆ గిన్నె తీసుకుంది. గంగాళంలోంచి ఒక గరిటెడు ముద్ద తెచ్చి ఆయన ఆకులో వేసింది.

"దేవుడి ఇంట్లో తేడాలేంది పెద్దయ్యా? తిను."

ఆ గిన్నెడు మెత్తటి అన్నం తీసుకెళ్ళి సామ్రాజ్యం అవ్వ ఆకులో బోర్లించింది. అవ్వ తిన్నంతసేపూ పక్కనే కూర్చుని చారు పోసింది.